గివ్‌అవే షార్ట్‌కి స్క్రిప్ట్ ఎలా రాయాలి: గడువు తేదీ నుంచి వెనక్కి

గివ్‌అవే షార్ట్‌కి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. గివ్‌అవే ముగుస్తుంది కానీ వీడియో ముగియదు. షార్ట్‌ను పెట్టిన రోజే అందరూ చూడరు. కొన్ని షార్ట్‌లు రెండు మూడు వారాలు నిద్రపోయినట్టు ఉండి, తర్వాత ఒక్కసారిగా లేస్తాయి. మీరు "ఇంకా మూడు రోజులే ఉంది, త్వరపడండి" అని చెప్పిన మాటను రెండు నెలల తర్వాత ఎవరో ఫీడ్‌లో విని, నమ్మి, కామెంట్ పెట్టి, జవాబు కోసం ఎదురుచూస్తారు. ఆ మనిషికి మీరు అబద్ధం చెప్పినట్టే. అందుకే గివ్‌అవే స్క్రిప్ట్‌ను బహుమతి దగ్గర మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ముందు గడువు తేల్చుకోండి, అక్కడి నుంచి వెనక్కి రాసుకుంటూ రండి.

ఈ పద్ధతిని ఒక ఉదాహరణతో చివరిదాకా నడిపిస్తాను. మీది డ్రాయింగ్ నేర్పే చిన్న యూట్యూబ్ చానెల్ అనుకుందాం. ముగ్గురికి, ఒక్కొక్కరికి విడిగా, గంటసేపు ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠం చెప్పాలనుకున్నారు. పార్సిల్ పంపే పని లేని బహుమతి కాబట్టి చూసేవాళ్లు ఏ దేశంలో ఉన్నా పాల్గొనవచ్చు.

మొదటి పని: గడువు అంటే రోజు కాదు, క్షణం

"జూన్ 21 వరకు" అని రాసుకుంటే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. కానీ 21 కూడా కలుస్తుందా, 20తోనే అయిపోతుందా? "21 రాత్రి 12 గంటల వరకు" అంటే ఇంకా చిక్కు. మన వాడుకలో ఆదివారం రాత్రి 12 అంటే ఆదివారం పడుకునే వేళ. గడియారం లెక్కలో అప్పటికే సోమవారం మొదలైపోతుంది. కొందరు దాన్ని శనివారం అర్ధరాత్రి అనుకుంటారు, కొందరు ఆదివారం అర్ధరాత్రి అనుకుంటారు. ఇద్దరి మధ్య ఒక రోజంతా తేడా వస్తుంది. కాబట్టి గడువుగా అర్ధరాత్రిని పెట్టకండి.

మీరు మెలకువగా ఉండి, ఫోన్ చేతిలో ఉండే వేళ ఎంచుకోండి. ఎందుకంటే ఆ క్షణంలో మీరు స్వయంగా ఒక పని చేయాల్సి ఉంటుంది. అదేంటో కింద చెబుతాను. మన ఉదాహరణలో గడువు 2026 జూన్ 21, ఆదివారం రాత్రి 9 గంటలు. నెల, తేదీ, సంవత్సరం, వారం, గంట అన్నీ ఉన్నాయి. వారం పేరు అలంకారం కాదు. తేదీ తప్పుగా టైప్ చేస్తే వారం కుదరదు కాబట్టి తప్పు వెంటనే దొరుకుతుంది. సంవత్సరం మరీ ముఖ్యం. 2027 జూన్‌లో ఈ షార్ట్ ఎవరి ఫీడ్‌లోకైనా వస్తే, సంవత్సరం లేని "జూన్ 21" వాళ్లకు వచ్చేవారంలా కనిపిస్తుంది.

చూసేవాళ్లు వేర్వేరు దేశాల్లో ఉంటే రాత్రి 9 ఎవరి గడియారం ప్రకారమో చెప్పాలి. మాటల్లో చెబితే బరువవుతుంది కాబట్టి తెర మీద చిన్నగా వేస్తే చాలు. మీది UTC+5:30 కాలమానం అనుకుంటే, తెర మీద "రాత్రి 9:00 (UTC+5:30)" అని వేయండి. రాతపూర్వక రూల్స్‌లో అదే క్షణాన్ని 15:30 UTC అని కూడా రాయండి. ఈ రెండో రూపం ఎందుకంటే, కామెంట్ల అసలు సమయాన్ని యూట్యూబ్ తన డేటాలో UTCలోనే ఇస్తుంది. ఎవరైనా "నేను ఎనిమిదిన్నరకే పెట్టాను" అని అడిగితే సరిచూసేది దానితోనే.

గడువు తర్వాత ఇంకో మూడు తేదీలు కూడా ఇప్పుడే రాసుకోండి. విజేతల పేర్లు చెప్పే రోజు, విజేత జవాబివ్వడానికి ఆఖరి రోజు, బహుమతి చేరే ఆఖరి రోజు. మన ఉదాహరణలో ఇవి జూన్ 24 బుధవారం, జూలై 1 బుధవారం, జూలై 31. గడువుకీ ప్రకటనకీ మధ్య మూడు రోజులు ఉంచింది ఊరికే కాదు. కామెంట్లు ఏరడం, రెండేసి పెట్టినవాళ్లను కలపడం, డ్రా తీయడం, వీడియో చేయడం మనం అనుకున్నంత తొందరగా అవవు.

షార్ట్ పెట్టే రోజుకీ గడువుకీ మధ్య ఎంత ఉండాలన్నది మీ ఇష్టం. నేనైతే రెండు వారాలు దాటనివ్వను. ఎక్కువ కాలం ఉంటే ఎంట్రీలు పెరుగుతాయి, నిజమే. కానీ మొదటి రోజు పాల్గొన్నవారు అప్పటికి మిమ్మల్ని మరిచిపోతారు. గెలిచామని వాళ్లకు తెలిసే అవకాశమూ తగ్గుతుంది.

గడువు పొడిగించను అని ఇప్పుడే తేల్చుకోండి

దీనికి వేరే శీర్షిక పెట్టడానికి కారణం ఉంది. షార్ట్ పెట్టిన పదో రోజుకి ఇరవై కామెంట్లే వచ్చాయి. పన్నెండో రోజున వ్యూలు పెరగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే "ఇంకో వారం పొడిగిద్దాం" అన్న ఆలోచన వస్తుంది. ముందే తేల్చుకోకపోతే దాన్ని ఆపుకోవడం కష్టం.

పొడిగిస్తే నష్టపోయేది ఎవరో చూడండి. ముగ్గురు విజేతలు, అరవై మంది పాల్గొన్నారు అంటే ఒక్కొక్కరికి ఇరవైలో ఒక అవకాశం. గడువు వారం జరిపితే ఆ సంఖ్య మూడు వందలకు చేరిందనుకోండి, వాళ్ల అవకాశం వందలో ఒకటికి పడిపోతుంది. మీ మాట నమ్మి టైముకి వచ్చిన అరవై మంది చేతిలోంచి మీరు తీసుకుని, ఆలస్యంగా వచ్చినవారికి పంచినట్టు. వాళ్లలో ఎవరూ అడగకపోవచ్చు. అయినా అది జరిగింది.

అందుకని "ఎంతమంది పాల్గొన్నా గడువు మారదు" అన్న వాక్యాన్ని స్క్రిప్ట్‌లోనే పెట్టండి. ఒకసారి మీ గొంతుతో చెప్పాక పొడిగించే దారి మూసుకుపోతుంది. ఎంట్రీలు మరీ తక్కువ వస్తే ఏం చేస్తారో కూడా రూల్స్‌లో ఒక ముక్క రాయండి. ఇద్దరే వస్తే ఇద్దరికీ ఇస్తారు, మూడో పాఠం మిగిలిపోతుంది. అంతే.

ఎంట్రీకి ఒక్క మెట్టు చాలు, అది మీరు సరిచూడగలిగినదై ఉండాలి

"లైక్ కొట్టి, సబ్‌స్క్రైబ్ చేసి, బెల్ నొక్కి, ముగ్గురు ఫ్రెండ్స్‌కి షేర్ చేసి, కామెంట్‌లో డన్ అని పెట్టండి." ఇలాంటి స్క్రిప్ట్ మీరు ఎన్నోసార్లు వినే ఉంటారు. ఇందులో మీరు నిజంగా సరిచూడగలిగేవి ఎన్ని?

యూట్యూబ్‌లో ఎవరు లైక్ కొట్టారో చానెల్ యజమానికి కనిపించదు, సంఖ్య మాత్రమే కనిపిస్తుంది. సబ్‌స్క్రిప్షన్లు చాలామంది ప్రైవేట్‌గా ఉంచుకుంటారు. వాళ్లు చేశారో లేదో మీకు తెలియదు. బెల్ నొక్కారా, వాట్సాప్‌లో ఎవరికి పంపారు అన్నది తెలుసుకునే దారే లేదు. అంటే ఐదు షరతుల్లో నాలుగు ఉత్త మాటలు. అన్నీ చేసినవాడికీ, ఒక్క కామెంట్ పెట్టి ఊరుకున్నవాడికీ మీ డ్రాలో తేడా ఉండదు. నిజాయితీగా అన్నీ చేసినవాడికి అన్యాయం జరుగుతుంది.

పైగా వ్యూలు, లైకులు, సబ్‌స్క్రైబర్ల లాంటి అంకెలు నిజమైన ఆసక్తిని చూపించకుండా వంకరయ్యేలా పోటీ పెట్టకూడదని యూట్యూబ్ పోటీల విధానంలోనే ఉంది. పాల్గొనడం ఉచితంగా ఉండాలని కూడా అందులో ఉంది. ఈ రెండో మాటకి చట్టం వైపు నుంచి కూడా బలం ఉంది. బహుమతి, అదృష్టంతో ఎంపిక, పాల్గొనడానికి డబ్బు అనే ఈ మూడూ కలిస్తే చాలా దేశాల్లో దాన్ని లాటరీగా చూస్తారు. లాటరీ నడపడానికి అనుమతి కావాలి, కొన్నిచోట్ల అసలు నడపకూడదు. "నా కోర్సు కొన్నవాళ్లకే" అన్నా డబ్బు కిందికే రావచ్చు. కాబట్టి కొనాల్సిన షరతు ఏదీ పెట్టకండి. వేరే వేదికల మీద పెడితే అక్కడి విధానం విడిగా చదవండి. ఉదాహరణకు, సొంత టైమ్‌లైన్ మీద షేర్ చేయడాన్ని ఎంట్రీ షరతుగా పెట్టడం ఫేస్‌బుక్ ఒప్పుకోదు.

సరిచూడగలిగే మెట్టు ఒక్కటుంది, అదే ఈ షార్ట్ కింద కామెంట్. అది కళ్ల ముందు ఉంటుంది, సమయం నమోదవుతుంది, ఖాతా పేరు ఉంటుంది. అందులోనూ "డన్" అని రాయమనే బదులు ఒక చిన్న ప్రశ్న అడగండి. మన ఉదాహరణలో ప్రశ్న ఇది: మీకు గీయడం కష్టంగా అనిపించే వస్తువు ఏది? దీనికి చెయ్యి, గుర్రం, సైకిల్ లాంటి జవాబు ఎవరైనా ఐదు సెకన్లలో రాయగలరు. యంత్రంతో పెట్టే స్పామ్ కామెంట్ సాధారణంగా ప్రశ్నకి జవాబు చెప్పదు కాబట్టి ఏరడం తేలిక. రాబోయే వీడియోలకి విషయాలూ దొరుకుతాయి.

ఇక్కడ ఒక విషయం మరవకండి. జవాబు అడుగుతున్నారంటే మంచి జవాబుకి బహుమతి అని కొందరు అనుకుంటారు. డ్రా తీస్తారా, మంచి జవాబు ఎంచుతారా అన్నది స్పష్టంగా చెప్పాలి. రెండూ కలపకండి. ఎంపిక మీ ఇష్టాన్ని బట్టి అయితే "మీ స్నేహితుడికే ఇచ్చారు" అన్న మాట తప్పదు.

అలాగే మీ వీడియోను పిల్లల కోసం చేసినదిగా గుర్తు పెడితే దాని కింద కామెంట్లే ఉండవు. అలాంటి చానెల్‌కి ఈ పద్ధతి పనికిరాదు.

ఏది గొంతుతో, ఏది రాతలో

షార్ట్ ఇప్పుడు 3 నిమిషాల వరకు పెట్టుకోవచ్చు. 2024 అక్టోబర్‌లో వచ్చిన మార్పు అది. కానీ గివ్‌అవే షార్ట్ నిమిషం లోపు ఉండాలి. నింపాదిగా, అర్థమయ్యేలా తెలుగు మాట్లాడితే సెకనుకి రెండు మాటలకి కొంచెం అటూఇటుగా వస్తాయి. అంటే 50 సెకన్లకి వంద మాటలు. ఆ వంద మాటల్లో రూల్స్ అన్నీ పట్టవు, పట్టించకూడదు కూడా.

నేను విడదీసే పద్ధతి ఇది. ఒక రూల్ తెలియకపోవడం వల్ల ఒకరి శ్రమ వృథా అవుతుందంటే అది గొంతుతో చెప్పాల్సిందే. గడువు, ఎంట్రీ మెట్టు, వయసు, ఒకరికి ఒక్క ఎంట్రీ, ఎంపిక పద్ధతి, పేర్లు చెప్పే రోజు, చెప్పే చోటు ఈ కోవలోకి వస్తాయి. వస్తువును పంపే బహుమతి అయితే ఏయే దేశాలకి పంపగలరో, పోస్టేజీ ఎవరిదో కూడా ఇందులోకే వస్తాయి. "మీరు గెలిచారు, కానీ మీ దేశానికి పంపలేం" అని ఎవరికీ చెప్పాల్సిన పరిస్థితి రాకూడదు. బహుమతిని ఏదైనా కంపెనీ ఇస్తుంటే ఆ మాట కూడా నోటితోనే చెప్పండి. అప్‌లోడ్ చేసేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ గుర్తు కూడా పెట్టండి.

మిగతావి రాతలో ఉంటాయి. విజేత స్పందించకపోతే ఏమవుతుంది, ఎంట్రీ ఎప్పుడు చెల్లదు, వివరాలు ఎలా వాడతారు అన్నవి ఇందులో చేరతాయి. వీటికి తోడు యూట్యూబ్ తప్పనిసరిగా అడిగేవి కొన్ని ఉన్నాయి. ఈ పోటీకి యూట్యూబ్ స్పాన్సర్ కాదని, పాల్గొనేవారు యూట్యూబ్‌ను బాధ్యత నుంచి తప్పిస్తున్నారని రాయాలి. కమ్యూనిటీ గైడ్‌లైన్స్‌కి లింక్ ఇచ్చి, వాటికి విరుద్ధమైన ఎంట్రీలు చెల్లవని చెప్పాలి.

ఇక రూల్స్ పెట్టే చోటు. చాలామంది "లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది" అని చెప్పేస్తారు. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్‌ల డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో పెట్టిన లింకులు నొక్కితే తెరుచుకోవు. అంటే ఆ వాక్యం చూసేవాళ్లను మూసిన తలుపు దగ్గరికి పంపుతుంది. రూల్స్ ముఖ్యాంశాలను పిన్ చేసిన కామెంట్‌లో నేరుగా రాసేయండి. పూర్తి పాఠం కోసం మామూలు వీడియో ఒకటి పెట్టి, షార్ట్ సెట్టింగ్స్‌లో Related video దగ్గర దాన్ని జతచేయండి. ఆ లింక్ షార్ట్ మీదే నొక్కేలా కనిపిస్తుంది. ఆ వీడియో డిస్క్రిప్షన్‌లో పూర్తి రూల్స్, పని చేసే లింకులు ఉంటాయి.

స్క్రిప్ట్

ఇప్పుడు రాద్దాం. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు చెప్పే మాట, కుడివైపు తెర మీద కనిపించే అక్షరాలు రాసుకోండి. ఇక్కడ వరసగా ఇస్తున్నాను.

0 నుంచి 9 సెకన్లు. మాట: "ముగ్గురికి, ఒక్కొక్కరికి విడిగా, గంటసేపు డ్రాయింగ్ పాఠం ఉచితంగా చెబుతాను. గడువు 2026 జూన్ 21, ఆదివారం రాత్రి 9 గంటలు." తెర: "3 ఉచిత పాఠాలు. గడువు: 21 జూన్ 2026, ఆదివారం, రాత్రి 9:00 (UTC+5:30)."

9 నుంచి 20. మాట: "పాల్గొనాలంటే చేయాల్సింది ఒక్కటే. మీకు గీయడం కష్టంగా అనిపించే వస్తువు ఏదో ఈ షార్ట్ కింద కామెంట్‌లో రాయండి. చెయ్యి కావచ్చు, సైకిల్ కావచ్చు. జవాబులో తప్పొప్పులు లేవు, విజేతల్ని డ్రా తీసే ఎంచుతాను." తెర: "ఈ షార్ట్ కింద ఒక కామెంట్."

20 నుంచి 30. మాట: "పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. ఒకరికి ఒక్క ఎంట్రీ, పది కామెంట్లు పెట్టినా ఒకటిగానే లెక్క. డబ్బు కట్టక్కర్లేదు, ఏదీ కొనక్కర్లేదు, సబ్‌స్క్రైబ్ చేయకపోయినా పాల్గొనవచ్చు." తెర: "18+. ఒకరికి ఒక ఎంట్రీ. ఉచితం."

30 నుంచి 43. మాట: "21న రాత్రి 9కి కామెంట్లు ఆపేస్తాను. జూన్ 24న ఇదే చానెల్‌లో వీడియో పెట్టి విజేతల పేర్లు చెబుతాను. ఆ వీడియో రాకముందు ఎవరైనా మీరు గెలిచారని మెసేజ్ పెడితే అది నేను కాదు." తెర: "ఫలితాలు: 24 జూన్ 2026, ఈ చానెల్‌లోనే."

43 నుంచి 51. మాట: "రూల్స్ పిన్ చేసిన కామెంట్‌లో ఉన్నాయి. ఎంతమంది పాల్గొన్నా గడువు మారదు. జూన్ 21, రాత్రి 9." తెర: మొదటి షాట్‌లోని గడువు వాక్యమే మళ్లీ.

గడువును మొదటి తొమ్మిది సెకన్లలోనే పెట్టడం వల్ల కొందరు వెంటనే వెళ్లిపోతారన్న భయం ఉంటుంది. వెళ్లేది ఎవరు? గడువు దాటాక చూసినవాళ్లు. వాళ్లు వెళ్లడమే మంచిది, నలభై సెకన్లు కూర్చోబెట్టి చివర్లో "అయిపోయింది" అని చెప్పడం కన్నా.

"సబ్‌స్క్రైబ్ చేయకపోయినా పాల్గొనవచ్చు" అన్న మాట చెప్పడానికి చాలామందికి మనసొప్పదు. కానీ ఆ ఒక్క మాటతో రూల్స్ మీద వచ్చే సగం సందేహాలు తీరిపోతాయి. సబ్‌స్క్రైబ్ చేయమని వేరే వీడియోలో ఎంతైనా అడగండి.

రాయకూడని మాటలు కూడా కొన్ని ఉన్నాయి. రేపు, ఈ వారం, త్వరలో, ఇంకా ఇన్ని రోజులే, ఇప్పుడే. ఇవన్నీ చూసే రోజును బట్టి అర్థం మారే మాటలు. స్క్రిప్ట్ పూర్తయ్యాక వీటి కోసం ఒకసారి వెతికి, ఎక్కడ కనిపిస్తే అక్కడ తేదీ పెట్టండి. "మొదటి వంద మందికి" కూడా తీసేయండి. గడువులోపు ఎప్పుడు వచ్చినా సమానమే అని మీరే చెప్పారు కదా. "ఫైనల్‌గా", "లాస్ట్ ఛాన్స్" లాంటివి కూడా, అది నిజంగా చివరి అవకాశం కాకపోతే, వద్దు.

చదివించి చూడండి

రికార్డింగ్‌కి ముందు, ఈ గివ్‌అవే సంగతే తెలియని ఒకరికి స్క్రిప్ట్‌ను ఒక్కసారి చదివి వినిపించండి. తర్వాత నాలుగు ప్రశ్నలు అడగండి. ఏం చేయాలి? ఎప్పటిలోగా? ఎలా ఎంచుతారు? గెలిచానో లేదో ఎక్కడ తెలుస్తుంది? ఏ ప్రశ్నకి తడబడితే ఆ వాక్యాన్ని తిరగరాయాలి. పక్కన కూర్చుని వివరించకండి, చూసేవాళ్ల పక్కన మీరు ఉండరు. ఎక్కువగా తడబడేది నాలుగో ప్రశ్న దగ్గర. ఎందుకంటే రాసేవాళ్లు "విన్నర్స్‌ని అనౌన్స్ చేస్తాం" అని ఊరుకుంటారు, ఎక్కడో చెప్పరు.

తెర మీద అక్షరాల విషయంలో ఒక్క జాగ్రత్త. షార్ట్ కింది భాగాన్ని టైటిల్, చానెల్ పేరు కప్పేస్తాయి. కుడి అంచున లైక్, కామెంట్ బటన్లు ఉంటాయి. గడువును అక్కడ పెడితే ఎడిటింగ్‌లో బాగానే కనిపిస్తుంది, ఫోన్‌లో సగం మాయమవుతుంది. తెర మధ్యకి కాస్త పైన, ఎడమ వైపుకి ఉంచండి. ముందు ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి, మీ ఫోన్‌లోనే షార్ట్‌గా తెరిచి చూడండి. మాటకీ తెరకీ తేదీ ఒక్కటేనా అన్నది అప్పుడే సరిచూడండి. అప్‌లోడ్ చేసిన వీడియో ఫైలును తర్వాత మార్చడం కుదరదు. తేదీ తప్పుంటే తీసేసి మళ్లీ పెట్టడమే.

పిన్ చేసే కామెంట్ కూడా స్క్రిప్ట్‌లో భాగమే, ముందే రాసి ఉంచుకోండి. పొడవైన కామెంట్ మడతపడిపోతుంది కాబట్టి గడువు మొదటి లైనులోనే ఉండాలి. మన ఉదాహరణకి ఇలా ఉంటుంది:

"గడువు: 21 జూన్ 2026, ఆదివారం, రాత్రి 9:00 (UTC+5:30), అంటే 15:30 UTC. ఈ షార్ట్ కింద ప్రశ్నకి జవాబుగా పెట్టిన కామెంట్ ఒక ఎంట్రీ. 18 ఏళ్లు నిండినవారికే. ఒకరికి ఒక ఎంట్రీ. ముగ్గురిని డ్రా ద్వారా ఎంచి 24 జూన్‌న ఇదే చానెల్‌లో వీడియోలో ప్రకటిస్తాను. విజేతలు 1 జూలై రాత్రి 9లోగా స్పందించాలి, లేకపోతే డ్రాలో తర్వాతి పేరుకి వెళ్తుంది. పాఠం 31 జూలైలోగా, ఇద్దరికీ వీలైన వేళ. ముగ్గురి కన్నా తక్కువ మంది పాల్గొంటే వచ్చినవారందరికీ పాఠం ఉంటుంది. విజేత ఈమెయిల్ పాఠం కుదుర్చుకోవడానికి మాత్రమే వాడి, పాఠం అయ్యాక తొలగిస్తాను. డబ్బు గానీ, ఓటీపీ గానీ, బ్యాంకు వివరాలు గానీ ఎప్పుడూ అడగను. ఫోన్ నంబర్, చిరునామా కామెంట్‌లో రాయకండి. ఈ గివ్‌అవేకి యూట్యూబ్ స్పాన్సర్ కాదు, దీనికి యూట్యూబ్ ఏ బాధ్యతా వహించదు. పూర్తి రూల్స్ షార్ట్ మీద కనిపించే వీడియో డిస్క్రిప్షన్‌లో."

గడువు క్షణాన చేయాల్సిన పని

స్క్రిప్ట్‌లో "కామెంట్లు ఆపేస్తాను" అని చెప్పారు. జూన్ 21 రాత్రి 9కి వీడియో సెట్టింగ్స్‌లో కామెంట్ల దగ్గర Pause ఎంచుకోండి. పాత కామెంట్లన్నీ అలాగే కనిపిస్తాయి, కొత్తవి పెట్టడం మాత్రం కుదరదు. పూర్తిగా ఆఫ్ చేస్తే ఎంట్రీలు కూడా కనిపించకుండా పోతాయి, అలా చేయకండి. ఇది లేకపోతే గడువు తర్వాత వచ్చినవాటిని వేరు చేయడం కష్టం. ఎందుకంటే యూట్యూబ్ తెర మీద "2 రోజుల క్రితం" అని మాత్రమే చూపిస్తుంది, గంట చెప్పదు. ఖచ్చితమైన సమయం కావాలంటే యూట్యూబ్ డేటా ఏపీఐలో ప్రతి కామెంట్‌కీ publishedAt అన్న విలువ ఉంటుంది. మీకు ఆ పని రాకపోతే Pause చాలు.

అదే రాత్రి టైటిల్ మొదట్లో "ముగిసింది" అని చేర్చండి. డిస్క్రిప్షన్ మొదటి లైనులో కూడా రాయండి. వీడియో తీసేయకండి, ఎంట్రీలన్నీ దాని కిందే ఉన్నాయి.

డ్రాకి ముందు స్టూడియోలో సమీక్ష కోసం ఆగిపోయిన కామెంట్లను తప్పక చూడండి. గడువులోపే పెట్టినా ఫిల్టర్ పట్టుకున్న మంచి కామెంట్లు అక్కడ ఉంటాయి. వాటినీ కలిపి, ఒకే ఖాతా నుంచి వచ్చినవాటిని ఒకటిగా చేసి, వచ్చిన వరసలో నంబర్లు వేయండి. ర్యాండమ్ నంబర్ తీసే సాధనంతో ఆరు నంబర్లు తీయండి, మొదటి ముగ్గురు విజేతలు, మిగతా ముగ్గురు వరసలో నిలబడినవారు. జాబితా చూపించడం నుంచి నంబర్లు రావడం దాకా స్క్రీన్ రికార్డింగ్ ఆపకుండా తీసి, ఫలితాల వీడియోలో అదే చూపించండి.

విజేత నిజంగా ఆ ఖాతా మనిషేనా అన్నది తేల్చుకోవడానికి ఒక తేలికైన దారి ఉంది. ఫలితాల వీడియోలో విజేత ఖాతా పేరు చెప్పి, చానెల్ పేజీలో ఉన్న ఈమెయిల్‌కి రాయమనండి. రాసినవారికి మీరు ఒక మాట పంపండి, "నీలి పెన్సిల్" లాంటిది. అదే మాటను వాళ్లు ఆ ఖాతా నుంచి ఫలితాల వీడియో కింద కామెంట్ పెట్టాలి. పేరూ ఫొటో కాపీ కొట్టినవాళ్లు ఈమెయిల్ పంపగలరు, కానీ ఆ ఖాతా నుంచి కామెంట్ పెట్టలేరు. కామెంట్‌ను ఖాతా పేరు చూసి కాదు, హ్యాండిల్ చూసి సరిపోల్చండి. పేర్లు ఎన్నయినా ఒకేలా ఉండవచ్చు, హ్యాండిల్ మాత్రం ఒక్కరికే ఉంటుంది.

జూలై 1 రాత్రి 9 దాటినా ఒక విజేత నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే వరసలో నాలుగో పేరుకి వెళ్లండి. వాళ్లకీ సరిగ్గా ఏడు రోజులే ఇవ్వండి. ఆ మార్పును ఫలితాల వీడియో కింద పిన్ చేసిన కామెంట్‌లో రాయండి: "రెండో విజేత గడువులోగా స్పందించలేదు కాబట్టి డ్రా వరసలో నాలుగో పేరుకి వెళ్లాం. వారు 8 జూలై 2026, బుధవారం రాత్రి 9:00 (UTC+5:30) లోగా స్పందించాలి."